ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కి రావాలంటే

తెనాలిలో ఒక హార్డ్‌వేర్ షాపు లెక్కలు కొన్నేళ్లుగా నేనే రాస్తున్నాను. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, ఒక్కో ఎంట్రీకి పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వెళ్లడం నా అలవాటు. ఒక జులై 25 సాయంత్రం అలా చూస్తుంటే ఒక ఎంట్రీ దగ్గర పెన్సిలు ఆగింది. పైపులు సప్లై చేసే విజయవాడ డిస్ట్రిబ్యూటర్‌కి 10వ తేదీన నెఫ్ట్‌లో 1,78,350 రూపాయలు వెళ్లాయి. 13వ తేదీన అదే పార్టీ పేరు మీద 1,84,600 రూపాయల చెక్కు పాసయింది. బిల్లు మాత్రం ఒక్కటే.

జరిగింది అడిగి తెలుసుకున్నాను. గడువు దగ్గరపడిందని షాపు యజమాని కొడుకు 10వ తేదీ రాత్రి ఇంట్లో కూర్చుని నెట్ బ్యాంకింగ్‌లో కట్టేశాడు. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు. మర్నాడు ఎప్పటిలాగే కలెక్షన్ కుర్రాడు వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే పెద్దాయన చెక్కు రాసి ఇచ్చారు. ఇద్దరూ బాకీ తీర్చాలనే చూశారు. ఇలాంటి డబుల్ పేమెంట్లు నేను చూసినవాటిలో ఎక్కువ ఇలాగే జరిగాయి. ఒకే బిల్లు ఇద్దరి చేతుల్లో రెండు దారుల్లో చెల్లిపోతుంది.

చెక్కు ఇంకా బ్యాంకులో పడకపోతే దారి సులువు. అవతలివాళ్లకు ఫోన్ చేసి విషయం చెప్పి, చెక్కు వెనక్కి ఇవ్వమని అడిగి, బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టించవచ్చు. అయితే 2025 అక్టోబరు 4 నుంచి ఉదయం వేసిన చెక్కు సాయంత్రానికల్లా పాసయ్యే పద్ధతి వచ్చింది కాబట్టి, ఆ అవకాశం ఇప్పుడు గంటల్లోనే చేజారిపోతుంది. మా చెక్కు పాసై అప్పటికి పన్నెండు రోజులు. ఇక బ్యాంకు చేసేదేమీ లేదు. డబ్బు వెళ్లాల్సిన ఖాతాకే వెళ్లింది, రాసిన సంతకం మనదే. ఖాతాదారు ఒప్పుకోకుండా ఆ ఖాతాలోంచి డబ్బు తీసి మనకు ఇచ్చే అధికారం బ్యాంకుకు ఉండదు. అడగాల్సింది సప్లయర్‌నే.

పెద్దాయన వెంటనే ఫోన్ అందుకున్నారు. నేను ఆగమన్నాను. ఎంత ఎక్కువ వెళ్లిందో మనకే తెలియకుండా అడగకూడదు. "రెండుసార్లు కట్టాం, ఒకసారిది పంపండి" అంటే, రెంటిలో తక్కువ అంకె పట్టుకోవడం అవతలివాళ్లకు సహజం.

లెక్క ఇలా తేలింది. జూన్ 12 నాటి 412వ నంబరు బిల్లు 1,84,600. అందులో పగిలి వచ్చిన పైపులు వెనక్కి పంపినందుకు వాళ్లే 6,250కి క్రెడిట్ నోట్ ఇచ్చారు. కట్టాల్సింది 1,78,350. కొడుకు ఆ క్రెడిట్ నోట్ తీసేసి సరిగ్గా అంతే పంపాడు. అంటే బిల్లు నెఫ్ట్‌తోనే పూర్తిగా తీరిపోయింది. పెద్దాయన ఆ క్రెడిట్ నోట్ మరిచిపోయి బిల్లు మీద ఉన్న అంకె వేసి చెక్కు రాశారు. కాబట్టి ఎక్కువ వెళ్లింది చెక్కు మొత్తం, 1,84,600. పైగా మధ్యలో జులై 16న 437వ నంబరు బిల్లు మీద 52,300 రూపాయల సరుకు దిగింది. దాని గడువు ఆగస్టు 15. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాకే ఫోన్ చేశాం.

అవతల అకౌంట్స్ చూసే ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "అయ్యో, మీ డబ్బు ఎక్కడికీ పోదండీ. మీరు మాకు పాత పార్టీ. వచ్చే బిల్లుల్లో సర్దేస్తాం లెండి" అన్నారు. పెద్దాయన ముఖం తేటపడింది. ఫోన్ పెట్టేసి, "సర్దేస్తారటయ్యా, ఇంకేం?" అన్నారు. నాకు మాత్రం ఆ మాట చాలలేదు. ఏ బిల్లులో, ఎంత, ఎప్పుడు అన్నది అందులో లేదు.

సర్దుబాటు చెడ్డదని కాదు. నెలనెలా సరుకు తెచ్చుకునే చోట ఎక్కువ వెళ్లిన డబ్బు చిన్నదైతే, వచ్చే బిల్లులో తగ్గించుకోవడమే ఇద్దరికీ తేలిక. నేను చూసేది ఒక్కటే. ఎక్కువ వెళ్లిన మొత్తం మనం ఆ పార్టీ దగ్గర నెలలో కొనేదానికంటే పెద్దదా, చిన్నదా? ఈ షాపు ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గర నెలకు లక్షకు అటూ ఇటూ కొంటుంది. సర్దుబాటుకు ఒప్పుకుంటే దాదాపు రెండు నెలలు మన డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ రెండు నెలలూ వేరే చోట ధర తగ్గినా మనం కదలలేం. డబ్బు అక్కడే ఉంది కదా అని అవసరం లేని సరుకు కూడా దించుకుంటాం. ఇంకొకటి కూడా ఉంది. ఆ సప్లయర్ వ్యాపారమే దెబ్బతిని దివాలా దాకా వెళ్తే, తాకట్టు ఏదీ లేని అప్పులవాళ్ల వరసలో మనమూ నిలబడాలి. ఆ వరసలో చివరిదాకా డబ్బు అందడం అరుదు.

అందుకని మధ్యస్తంగా ఒక ప్రతిపాదన పెట్టాం. ఎలాగూ కట్టాల్సిన 437వ బిల్లుకు 52,300 సర్దేసుకోమన్నాం. మిగిలిన 1,32,300 బ్యాంకు ద్వారా వెనక్కి పంపమన్నాం. ఆ మాట ఫోన్లో వదిలేయకుండా, షాపు పేరు మీదున్న మెయిల్ నుంచి వాళ్ల అకౌంట్స్ విభాగానికి, యజమానికి ఒకేసారి రాశాం. ఉత్తరం ఇదీ:

"నమస్కారం. మీ 412వ నంబరు బిల్లు (జూన్ 12, రూ. 1,84,600)లో మీ క్రెడిట్ నోట్ రూ. 6,250 పోను చెల్లించాల్సిన రూ. 1,78,350 జులై 10న నెఫ్ట్ ద్వారా చెల్లించాం. అదే బిల్లుకు పొరపాటున రూ. 1,84,600 చెక్కు కూడా ఇచ్చాం. అది జులై 13న మా ఖాతాలో ఖర్చయింది. ఈ రూ. 1,84,600 మా వైపు నుంచి అదనంగా వచ్చినది. ఇందులో రూ. 52,300 మీ 437వ నంబరు బిల్లుకు మాత్రమే జమ చేసుకోగలరు. మిగిలిన రూ. 1,32,300 చెక్కు వచ్చిన మా కరెంటు ఖాతాకే పంపగలరు. ఏ తేదీన పంపుతారో ఆగస్టు 3 లోపు మెయిల్‌లో తెలియజేయగలరు. పంపిన రోజున యూటీఆర్ నంబరు కూడా ఇవ్వగలరు. నెఫ్ట్ యూటీఆర్, చెక్కు నంబరు, ఆ రెండు ఎంట్రీలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ, క్యాన్సిల్ చేసిన చెక్కు జత చేశాం. మీ పుస్తకాల్లో మా లెడ్జర్ కాపీ పంపితే సరిచూసుకుంటాం."

ఉత్తరంలో ఎక్కడా నిష్ఠూరం లేదు. పొరపాటు మనదే కాబట్టి ఉండకూడదు కూడా. ఇందులో రెండు మాటలు కావాలనే రాశాం. మొదటిది "437వ నంబరు బిల్లుకు మాత్రమే" అన్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 59, 60 సెక్షన్ల ప్రకారం, డబ్బిచ్చేవాడు అది ఏ బాకీకో చెప్తే తీసుకునేవాడు ఆ బాకీకే జమ వేసుకోవాలి. ఏమీ చెప్పకపోతే తనకు న్యాయంగా రావలసిన ఏ పాత బాకీకైనా, కాలదోషం పట్టినదానికైనా సరే, తన ఇష్టప్రకారం జమ వేసుకోవచ్చు. డబ్బు ఎందుకు ఇస్తున్నామో ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది. అప్పుడు చెప్పలేకపోతే కనీసం పొరపాటు తెలిసిన రోజునే రాతలో పెట్టాలి.

రెండోది "చెక్కు వచ్చిన ఖాతాకే" అన్న మాట. నాకు యూపీఐలో పంపేయమందాం అని కొడుకు అన్నాడు. నేను వద్దన్నాను. "పొరపాటున మీకు ఎక్కువ పంపాం, ఈ నంబరుకు వెనక్కి వేయండి" అంటూ మోసగాళ్లు ఫోన్లు చేస్తున్న రోజులివి. జాగ్రత్తగల సప్లయర్ ఎవరైనా కొత్త ఖాతా నంబరు చూస్తే అనుమానిస్తాడు. ఆగి ఆరా తీస్తాడు. అది మంచిదే. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే వెళ్తే వాళ్లకూ భయం లేదు, రెండు పుస్తకాల్లోనూ ఒకే పేరు మీద ఎంట్రీ పడుతుంది. కొందరు నగదుగా ఇచ్చేస్తామంటారు. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజు, లేదా ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఆ పరిమితి లోపలైనా సరే, బ్యాంకు దాటి తీసుకున్న రిఫండ్‌కు తర్వాత రుజువు చూపించడం కష్టం.

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఉత్తరం అందిందన్నారు, 1,84,600కి క్రెడిట్ నోట్ తయారు చేస్తున్నామన్నారు. చదవడానికి ఇది మంచి కబురులాగే ఉంది. కానీ ఇక్కడ చాలామంది షాపులవాళ్లు తెలియక ఇరుక్కుంటారు.

జీఎస్టీలో క్రెడిట్ నోట్ అంటే బిల్లు విలువ తగ్గిందని సప్లయర్ చెప్పడం. సరుకు వెనక్కి వస్తేనో, ధర ఎక్కువ వేస్తేనో, పన్ను ఎక్కువ వేస్తేనో అది ఇస్తారు. పగిలిన పైపులకు ఇచ్చిన 6,250 అలాంటిదే. ఎక్కువ కట్టిన డబ్బు సంగతి వేరు. బిల్లు సరిగ్గానే ఉంది, సరుకు సరిగ్గానే వచ్చింది, పన్ను సరిగ్గానే పడింది. డబ్బు మాత్రమే రెండుసార్లు వెళ్లింది. ఆ రెండో డబ్బు వెనక అమ్మకమే లేదు కాబట్టి దానికి జీఎస్టీతో సంబంధం లేదు. వాళ్లు పన్ను చూపిస్తూ క్రెడిట్ నోట్ జారీ చేస్తే అది మన జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. మనం న్యాయంగా తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాల్సి వస్తుంది. అంటే మన డబ్బు వెనక్కి తెచ్చుకోబోయి పన్ను రూపంలో పోగొట్టుకున్నట్టు.

ఈ విషయం ఫోన్లో వివరంగా చెప్పాను. "క్రెడిట్ నోట్ వద్దండీ. మీ పుస్తకాల్లో మా ఖాతాలో ఆ చెక్కు జమ పడే ఉంది కదా, అది చాలు. రిఫండ్ పంపిన రోజున ఆ ఖాతాలోనే ఖర్చు రాస్తే సరిపోతుంది" అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. "నిజమేనండీ, మా వాళ్లు అలవాటు కొద్దీ చేశారు" అని ఆపేశారు. వ్యాపారంలో క్రెడిట్ అన్న మాటను జమకూ వాడతారు, క్రెడిట్ నోట్‌కూ వాడతారు. అందుకే మన ఉత్తరంలో "బిల్లుకు జమ", "బ్యాంకు ద్వారా వాపసు" అని విడివిడిగా రాయడం మంచిది.

లెడ్జర్ కాపీ ఆగస్టు 1న వచ్చింది. అక్కడ మరో ముడి కనిపించింది. వాళ్ల లెక్కలో మనకు ఇవ్వాల్సింది 1,32,300 కాదు, 1,28,200. ఎంట్రీలు వరసగా చూస్తే 4,100 రూపాయల వడ్డీ ఒకటి ఖర్చు రాసి ఉంది. ఫిబ్రవరిలో ఒక బిల్లు నలభై రోజులకు కట్టినందుకట. ఆ డెబిట్ నోట్ మనకెప్పుడూ రాలేదు. పెద్దాయనకు కోపం వచ్చింది. "మన డబ్బు చేతిలో ఉందని పాతవన్నీ తవ్వుతున్నారు" అన్నారు.

అక్కడ వాదన పెట్టుకుని ఉంటే మొత్తం డబ్బూ ఆగిపోయేది. తగాదా ఉన్న 4,100 కోసం తగాదా లేని 1,28,200 కూర్చోబెట్టడం ఎవరికి లాభం? అందుకని మళ్లీ రాశాం. 1,28,200 మీద ఇద్దరికీ భేదం లేదు కాబట్టి అది ముందు పంపండి, వడ్డీ 4,100 విడిగా తేల్చుకుందాం, ఈ మొత్తం తీసుకోవడం పూర్తి చెల్లింపుగా ఒప్పుకున్నట్టు కాదు అన్నాం. ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. అది రాయకుండా డబ్బు తీసుకుంటే, తర్వాత అడిగినప్పుడు "అప్పుడే సెటిలైపోయింది కదా" అనే వీలుంటుంది.

ఇక తేదీ. ఆగస్టు 3న వచ్చిన జవాబులో "త్వరలో ప్రాసెస్ చేస్తాం" అని ఉంది. నేను ఫోన్ చేసి ఒకటే అడిగాను: "మీ దగ్గర పేమెంట్లు ఏ తేదీల్లో వేస్తారండీ?" కాస్త పెద్ద సంస్థల్లో ఎవరడిగినా రోజూ డబ్బు పంపరు. నెలలో ఒకటి రెండు రోజులు పెట్టుకుని, జాబితా తయారు చేసి, ఇద్దరు సంతకం పెట్టాకే బ్యాంకుకు పంపుతారు. మామూలు కొనుగోళ్ల పేమెంట్లకు కాగితాలు వాటంతటవే కదులుతాయి. కొనుక్కున్నవాడికి తిరిగిచ్చే డబ్బుకు మాత్రం ఎవరో ఒకరు పనిగట్టుకుని నోట్ పెట్టి యజమాని సంతకం తేవాలి. అలా పెట్టే మనిషి లేకనే రిఫండ్లు నెలల తరబడి ఆగుతాయి. దురుద్దేశం కంటే ఇదే ఎక్కువసార్లు కారణమని నా అనుభవం. వాళ్ల పేమెంటు రోజులు 10, 25 అని చెప్పారు. "అయితే 10వ తేదీ జాబితాలో మాది ఉన్నట్టేనా? ఏ రోజు వరకు నోట్ పెట్టాలి, ఎవరు పెడతారు?" అని అడిగాను. 7వ తేదీ లోపు తానే పెడతానన్నారు. ఆ మాటే మెయిల్‌లో రాయమంటే రాశారు: "రూ. 1,28,200 ఆగస్టు 10న నెఫ్ట్ ద్వారా మీ కరెంటు ఖాతాకు పంపబడుతుంది. రూ. 52,300 జులై 31 తేదీతో 437వ బిల్లుకు జమ చేశాం."

ధృవీకరణ అంటే ఈ రెండు వాక్యాలు. మొత్తం, తేదీ, దారి, ఖాతా మొదటిదాంట్లో ఉన్నాయి. మొత్తం, బిల్లు నంబరు, జమ చేసిన తేదీ రెండోదాంట్లో ఉన్నాయి. ఆ జమ నిజంగా పడిందో లేదో లెడ్జర్ కాపీ మళ్లీ తెప్పించుకుని చూశాను. ట్యాలీలో వచ్చిన డబ్బును బిల్లు నంబరుతో ముడిపెట్టకుండా "ఆన్ అకౌంట్" అని వేసి వదిలేస్తే, మొత్తం లెక్క సరిపోయినా 437వ బిల్లు మాత్రం బాకీల జాబితాలో అలాగే కనిపిస్తుంది. వారం తర్వాత కలెక్షన్ కుర్రాడు ఆ జాబితా పట్టుకునే మన షాపుకొస్తాడు. పెద్దాయన మళ్లీ చెక్కు రాసే ప్రమాదం ఉంది.

ఒప్పుకున్న తేదీ దాటితే ఏం చేయాలో కూడా ముందే అనుకున్నాం. మర్నాడు ఫోన్, మూడో రోజు యజమానికి మెయిల్, అప్పటికీ కదలకపోతే వకీలు నోటీసు. చట్టం మన వైపే ఉంది. కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షన్ సూటిగా చెప్తుంది: పొరపాటున తనకు చేరిన డబ్బును తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేయాలి. దావా వేయడానికి పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెట్టి ఉంటే తెలిసిపోయే రోజు నుంచి మూడేళ్లు గడువు. ఆ గడువు లోపల వాళ్లు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ప్రతి మార్చి నెలాఖరున బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం తీసుకోవడం వల్ల ఆ లాభం కూడా ఉంది. దావా దాకా వెళ్లకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీకి ప్రయత్నించవచ్చు. మాకు వీటిలో దేని అవసరమూ రాలేదు.

10వ తేదీ మధ్యాహ్నం "పంపేశామండీ, రెండు మూడు రోజుల్లో పడుతుంది" అని ఫోన్ వచ్చింది. యూటీఆర్ నంబరు అడిగాను. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ, సెలవు రోజుల్లోనూ నడుస్తోంది. అరగంటకొక బ్యాచ్ వెళ్తుంది. బ్యాచ్ సెటిలయ్యాక రెండు గంటల్లో డబ్బు ఖాతాలో పడాలి, పడకపోతే పంపినవాళ్లకు వెనక్కి వెళ్లాలి. రెండు మూడు రోజులు పట్టదు. ఎవరైనా అలా అంటే ఇంకా బ్యాంకులో ఆమోదం పడలేదని అర్థం చేసుకోవచ్చు. ఆమోదం పడి బ్యాంకు నుంచి కదిలినదానికే యూటీఆర్ ఉంటుంది. నెఫ్ట్‌ది పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. ఆర్‌టీజీఎస్‌ది ఇరవై రెండు. ఆ నంబరు చేతికొచ్చాక మన బ్యాంకువాళ్లు దాన్ని పట్టుకుని డబ్బు ఎక్కడుందో చెప్పగలరు. "ఆమోదం సాయంత్రానికి అవుతుందండీ" అని ఆయన నిజం చెప్పారు. ఆరు దాటాక నంబరు పంపారు, ఏడు లోపే పెద్దాయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

మిగిలింది 4,100. ఫిబ్రవరి బిల్లు బయటికి తీశాను. కింద చిన్న అక్షరాల్లో "30 రోజులు దాటిన రోజులకు ఏడాదికి 18 శాతం వడ్డీ" అని అచ్చయి ఉంది. బిల్లు 2,07,850. కట్టింది నలభయ్యో రోజున. వాళ్లు నలభై రోజులకూ వడ్డీ వేశారు, గడువు దాటింది మాత్రం పది రోజులే. పది రోజుల వడ్డీ 1,025 రూపాయలు. మేం ఆలస్యం చేసిన మాట నిజమే కాబట్టి ఆ 1,025 ఒప్పుకున్నాం. మిగతా 3,075 ఆగస్టు 25 జాబితాలో వేసి పంపారు. నెలాఖరున లెడ్జర్ కాపీ తెప్పించి చూస్తే రెండు పుస్తకాల్లోనూ నిల్వ సున్నా. ఇప్పుడు ఆ షాపులో కౌంటర్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడుతోంది. నెట్‌లో కట్టినా, చెక్కు రాసినా ముందు అందులో బిల్లు నంబరు రాయాలి. మొదటి పేజీలో మొదటి వరస పెద్దాయన చేతిరాతే.